ముగ్గురే ఉండారు సార్

షాహీనా పరిశోధన ప్రతిపాదన కమిటీ ముందు నిలబడింది. కల్లూరు దర్జీ దాదాపీర్ కూతురామె. న్యాయశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది.

"యాప్‌ల ద్వారా పనిచేసే గిగ్ కార్మికులు యజమాని, ఉద్యోగి సంబంధానికి బయటివాళ్లని సామాజిక భద్రతా స్మృతే చెప్పింది కదా. ఇంక నీ ప్రశ్నేముంది?" అన్నాడు అధ్యక్షుడు.

"చట్టం బయట అంటాంది సార్. రేటు, జరిమానా, పని దొరక్కుండా ఐడీ ఆపేయడం అన్నీ యాప్ చేతిలోనే ఉండాయి. అంత అజమాయిషీ ఉన్నా ఉద్యోగి కాదా అనేదే నా ప్రశ్న."

ఆయన తలూపాడు. ఆమె ఊపిరి పీల్చుకునేలోపే, "రాష్ట్రమంతా అంటే పరిధి శానా ఎక్కువ. కల్లూరులో డెలివరీ చేసే మహిళలకే కుదించు," అన్నాడు. సభ్యులందరికీ నచ్చింది. కాగితం మీద కుదించడానికి వాళ్ల సొమ్మేం పోయింది!

షాహీనా ఒక అడుగు ముందుకొచ్చింది.

"వాళ్లు ముగ్గురే ఉండారు సార్. పేర్లు మార్చినా కంపెనీ కనిపెడ్తాది, ఐడీలు ఆపేస్తాది. అందులో ఒకామె మా వదిన."

"బంధువులు పనికిరారు. ఆమెను తీసెయ్."

"తీసేస్తే ఇద్దరే మిగుల్తారు సార్. ఇంకా సులువుగా దొరికిపోతారు."

ఆయన అప్పటికే ప్రతిపాదన మీద ఆమోద సంతకం పెట్టి, కాగితాన్ని పక్క సభ్యుడి వైపు జరిపాడు.