ఆరో ఏడాది చదివే మాట

ఆమెని ఇంటా బయటా అందరూ చిన్నక్షరాలక్క అంటారు. బిస్కెట్ ప్యాకెట్ చేతికిచ్చినా వెనక్కి తిప్పి, ‘బొమ్మ సూచన కోసం మాత్రమే’ అన్న అడుగు ముక్క దాకా చదివితే గానీ విప్పదు. పెళ్ళయిన కొత్తలో భర్త నవ్వేవాడు. ఇప్పుడాయనే ముందు కళ్ళజోడు అందించి, తర్వాత ప్యాకెట్ అందిస్తున్నాడు. అలాంటి మనిషి ప్రకటనలు రాసి బతకడమంటే నవ్వొస్తుంది గానీ, ఆమె రాసిన సబ్బులూ రంగులూ బాగానే అమ్ముడుపోయాయి.

తమ్ముడు పెట్టిన చిన్న ప్రకటనల ఆఫీసు వాళ్ళది. తమ్ముడు, ఆమె, బొమ్మలు వేసే ఇద్దరు. చిల్లర పనులు ఎన్ని ఉన్నా, ఆఫీసు దీపం వెలిగేది ఒక్క ఫ్రిజ్‌ల కంపెనీ వల్లే. ఆ కంపెనీ ఎండాకాలం ప్రకటన ఆ సాయంత్రం ప్రెస్‌కి వెళ్ళాలి. మధ్యాహ్నం అక్కాతమ్ముళ్ళిద్దరూ కంపెనీ మీటింగు గదిలో కూర్చున్నారు.

ఎదురుగా సేల్స్ హెడ్. ఆయన తెచ్చిన వాక్యం తెర మీద వెలుగుతోంది: ‘పదేళ్ళ వారంటీ. పదేళ్ళ నిశ్చింత.’ చివర ఒక చుక్కంత నక్షత్రం గుర్తు. ఆ నక్షత్రానికి వివరణ పోస్టర్ అడుగున, చీమ కూడా కళ్ళజోడు పెట్టుకుని చదవాల్సిన అక్షరాల్లో ఉంది. పదేళ్ళ వారంటీ కంప్రెసర్‌కి మాత్రమే. ఫ్రిజ్ మొత్తానికి ఉన్నది ఒక్క ఏడాదే. ఆ ఏడాది దాటాక కంప్రెసర్ పోతే, కొత్త కంప్రెసర్ ఉచితం. గ్యాస్ నింపడం, కూలీ, మెకానిక్ రాకపోకలు కొన్నవాళ్ళ ఖర్చు.

“ఎలా ఉంది?” అన్నాడు సేల్స్ హెడ్.

“చాలా బాగుంది సార్” అన్నాడు తమ్ముడు. బల్ల కింద అక్క కాలు తొక్కాడు. ఆమెకి ఆ తొక్కుడు అర్థమైంది. అర్థమైనా నోరు ఊరుకోలేదు.

“నిశ్చింత అన్నాక నక్షత్రం ఎందుకండీ?”

ఆమె తన కాగితం బల్ల మీద పెట్టింది: ‘మొదటి ఏడాది ఫ్రిజ్ మొత్తం మా బాధ్యత. ఆపైన పదో ఏడాది వరకు కంప్రెసర్ మా బాధ్యత. గ్యాస్, కూలీ, రాకపోకల ఖర్చు మీది.’

సేల్స్ హెడ్ అది చదివి కాగితం వెనక్కి తోసేశాడు. “ఖర్చు మీది అని మనమే రాసి పెడితే పక్క కంపెనీ వాడు మనకి దండేస్తాడమ్మా. ఇది ప్రకటనా, హెచ్చరిక బోర్డా?”

నిజం చెప్పాలంటే ఆయన మాటా తప్పు కాదు. ఆ వాక్యంలో అబద్ధం లేదు, కొనేవాళ్ళకి ధైర్యమిచ్చే మాటా లేదు. చదివినవాడు ఫ్రిజ్ కొనడానికి బదులు కుండ కొనుక్కుంటాడు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, అందుకే రోషం రెండింతలైంది. పొద్దుటి నుంచి తిప్పలు పడుతున్నా నిజమూ ధైర్యమూ రెండూ ఒక వాక్యంలో ఇమడడం లేదు.

బల్ల చివర సర్వీస్ మేనేజర్ కూర్చుని ఉంది. ఫిర్యాదులు, మెకానిక్‌లు అన్నీ ఆవిడ కిందే. ఏ ప్రకటనకైనా ఆవిడ సంతకం పడాలని కంపెనీ పద్ధతి. ఆవిడ ఇంతవరకూ పెన్ను మూత తీయలేదు.

“టైమ్ లేదు” అన్నాడు సేల్స్ హెడ్. “నా లైన్ వేయగలిగితే చెప్పండి. లేకపోతే వేసేవాళ్ళు బయట చాలామంది ఉన్నారు.”

తమ్ముడి ముఖం పాలిపోయింది. ఆమె అది చూసింది. అయినా ఏం రాసినా ఆమెకో అలవాటుంది: కొన్న రోజు కాదు, వస్తువు పాడైన రోజున చదివి చూడటం.

“సార్, ఫ్రిజ్ కొన్న ఆరో ఏడాది అనుకుని ఒక్కసారి నాటకం ఆడదాం. నా ఫ్రిజ్ ఆగిపోయింది. మీరు మెకానిక్. నా వంటింట్లోకొచ్చారు. కంప్రెసర్ పోయిందని చూశారు. తర్వాత మీ ఇష్టం.”

“ఆటలకి తీరికెక్కడిది?”

“ఆడండి సార్” అంది సర్వీస్ మేనేజర్. ఆవిడ నోరు విప్పడం అదే మొదటిసారి. “మా వాళ్ళు రోజూ ఆడుతున్నారుగా.”

సేల్స్ హెడ్ విసుగ్గా కుర్చీలో సర్దుకున్నాడు. “కంప్రెసర్ పోయిందమ్మా. కొత్తది వేస్తాం. గ్యాస్‌కీ కూలీకీ ఖర్చవుతుంది.”

“ఖర్చేంటయ్యా? పదేళ్ళ నిశ్చింత అని మీరే రాశారుగా?”

“అడుగున ఉంది చూడండమ్మా, నక్షత్రం దగ్గర.”

“ఆ పోస్టర్ ఇప్పుడు నా దగ్గరెక్కడుంది? నాకు గుర్తున్నది నిశ్చింత. లోపల పాలు విరిగిపోతున్నాయి, ఇంట్లో పసిబిడ్డ ఉంది. మీ మాటలు కోటలు దాటాయి, చేతలు గడప దాటలేదు. నా ఫ్రిజ్ మీద చెయ్యి వెయ్యకు.”

ఆ అరుపు సగం నటన, సగం తమ్ముడి ఆఫీసు పోతుందేమోనన్న భయం. సేల్స్ హెడ్ కుర్చీ ముందుకి జరిపాడు. ఎదుట కోపంగా ఒక ఆడమనిషి, దాటడానికి నక్షత్రం తప్ప మరో తెప్ప లేదు. ఆయన ఒకప్పుడు దుకాణంలో నిలబడి అమ్మినవాడే. పాత నోరు తిరిగొచ్చింది.

“అమ్మా, కోప్పడకండి. కంప్రెసర్‌కి మీ దగ్గర ఏమీ తీసుకోను, అది మా బాధ్యత. గ్యాస్‌కీ కూలీకీ ఎంతవుతుందో ఇప్పుడే రాసిస్తాను. మీరు సరేనంటేనే స్క్రూ విప్పుతాను. వద్దంటే ఇలాగే లేచి వెళ్తాను.”

ఆమె చప్పున పెన్ను తీసుకుని రాయడం మొదలుపెట్టింది. రాసి, గట్టిగా చదివింది:

‘మొదటి ఏడాది ఫ్రిజ్ మొత్తం మా బాధ్యత. పదో ఏడాది వరకు కంప్రెసర్ మా బాధ్యత. ఏడాది దాటాక గ్యాస్, కూలీ, రాకపోకలకు ఖర్చుంటుంది. అదెంతో ముందే రాసిస్తాం. మీరు సరేనంటేనే స్క్రూ విప్పుతాం.’

“ఇది మీ మాటే సార్” అంది. “నక్షత్రం అక్కర్లేదు.”

“మా వాళ్ళు చేయగలిగిన పనే” అంది సర్వీస్ మేనేజర్. “రేపటి నుంచి పని మొదలెట్టే ముందు ఖర్చు కాగితం ఇవ్వడం తప్పనిసరి చేస్తాను. దీని కింద సంతకం పెడతాను. దాని కింద పెట్టను.” పెన్ను మూత తీసింది.

సేల్స్ హెడ్ తెర మీది తన వాక్యం వైపు చూశాడు. తన నోటితోనే తనని ఓడించారని ఆయనకి తెలిసిపోయింది. అలాంటి ఓటమిని మనుషులు అంత తేలిగ్గా మింగరు.

“వేయండి” అన్నాడు లేస్తూ. తలుపు దగ్గర ఆగి తమ్ముడి వైపు మాత్రమే చూశాడు. “ఈ సీజన్ వరకు. వచ్చే సీజన్‌కి వేరేవాళ్ళని చూసుకుంటున్నాం.”

వీధిలోకి వచ్చాక తమ్ముడు ఒక మూసిన కొట్టు మెట్టు మీద కూలబడ్డాడు.

“నీ వాక్యం గెలిచిందక్కా. నా ఆఫీసు పోయింది.”

ఆమెకి ఏడుపొచ్చింది. వాడిని చిన్నప్పుడు ఎత్తుకు తిరిగింది తనే. ఈ రోజు కింద పడేసిందీ తనే. అయినా రాసిన దాంట్లో ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఆ మొండితనం మీద తనకే కోపమొచ్చింది.

“తిట్టరా” అంది.

“తిట్టి ఏం చేస్తాను? ఆఫీసులో ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. వాళ్ళకేం చెప్పాలో అది కూడా నువ్వే రాయి. అరచేతిలో వైకుంఠం చూపించకూడదు. అలాగని వాళ్ళ గుండె ఆగిపోకూడదు. రాయి చూద్దాం.”

ఆమె వాడి పక్కన కూర్చుంది. బస్సులు వెళ్తున్నాయి. ఫ్రిజ్ గురించి రాయడం ఇంత కష్టం అనిపించలేదు. మనసులోనే మూడు వాక్యాలు రాసి కొట్టేసింది.

“ఈ సీజన్ అయ్యేదాకా మీ జీతం మా బాధ్యత” అంది చివరికి. “ఆ తర్వాత ఏమవుతుందో మాకూ తెలీదు. తెలిసిన రోజే చెబుతాం. మీరు వేరే పని వెతుక్కుంటే తప్పు పట్టం.”

తమ్ముడు తల వంచుకుని విన్నాడు.

“మా అని రెండుసార్లు అన్నావు” అన్నాడు. “అంటే నువ్వు ఉంటున్నట్టేగా?”

“ఉంటాను” అంది. ఆ మాటకి ఆమె ఏ షరతూ పెట్టలేదు.