సాక్ష్యం చెప్పిన స్థలం

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో పులివెందులలోని మా విశ్వాసులకు ప్రార్థనా మందిరం లేదు. ముప్పై కుటుంబాలవాళ్ళు ఒకరింటి పంచలో ఇరుక్కుని ఆరాధన చేసుకునేవారు. వాళ్ళకు స్థలం కొనే పని జమ్మలమడుగు సంఘం నా మీద పెట్టింది. నేను జమ్మలమడుగు మిషన్ బడిలో అయ్యవారిని.

వెళ్ళిన మొదటి రోజే బేరం కుదిరింది. రోడ్డు పక్క నేల చెక్క, అందులో బావి! బయానా ఇచ్చేశాను. ఆ ఆదివారం ఆగలేక సంఘంలో లేచి, ప్రభువు మనకు స్థలమిచ్చాడని సాక్ష్యం చెప్పాను. చప్పట్లతో పాట అందుకున్నారు. నా గుండె ఆ చప్పట్ల కంటే గట్టిగా కొట్టుకుంది.

రెండోసారి వెళితే స్థలం ఆసామి బావి తనదే అన్నాడు. సరే అన్నాను. మూడోసారి ధర పెంచాడు. బయానా పోతుందన్న భయంతో దానికీ తలూపి, ఇంకొంత చేతిలో పెట్టి వచ్చాను. అయినా బస్సెక్కిన ప్రతిసారీ ఉత్సాహం పెరిగేదే. ప్రతి అడ్డంకీ నా విశ్వాసానికి పరీక్ష అనుకున్నాను. పట్టు విడిస్తే ప్రభువును విడిచినట్టే అనిపించేది.

చివరికి కాగితాలు సిద్ధమయ్యాయి. పునాది కొలతల కోసం ప్రొద్దుటూరు సాయబు మేస్త్రీని వెంట తీసుకెళ్ళాను. సంతకానికి కూర్చున్నాక ఆసామి మెల్లగా అన్నాడు:

"అయ్యోరా, రోడ్డు పక్క జాగా నాకే ఉండనీ. మీరు నన్నడిగి నడ్సండి."

"అదేంది మామా! దారి లేకుండా మందిరమెట్లా?"

"దేవుడిచ్చినాడని సంఘమంతా చెప్పుకున్నావంట గదా. దేవుడిచ్చినదానికి బేరమేంది?"

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. నేను ఆసామి ఇచ్చిన పెన్ను మూత తీశాను. మేస్త్రీ నా మోచెయ్యి పట్టి బయటికి లాగాడు.

"అయ్యోరా, ఈ పొద్దే కొత్తగా వచ్చినావనుకో. బావి లేని, దారి లేని ఈ చెక్కను ఈ రేటుకు కొంటావా?"

"ఎవడు కొంటాడప్పా!"

"మరి ఏం చేస్తాండావు?"

"ఇచ్చిన దుడ్లు పోతాయి గదా."

"అవి ఎప్పుడో పోయినాయి. సంతకం పెడితే తిరిగొస్తాయా? ఉన్నవీ ఈడే పోస్తే గోడలు దేంతో కట్టాల?"

"సంఘం ముందర సాక్ష్యం చెప్పినానప్పా!"

"ఆ మాట దేవునికి ఇచ్చినావా, నీ మీసానికి ఇచ్చినావా?"

లోపలికి వెళ్ళి పెన్ను తిరిగి ఇచ్చేశాను. "పోండి పోండి, బస్టాండు కాడికి పోయి మల్లా వస్తారు" అని ఆసామి వెనకనుంచి కేక వేశాడు. నిజంగానే నా కాళ్ళు రెండుసార్లు ఆగాయి. మేస్త్రీ నన్ను ఆగనివ్వలేదు. బస్సు కదిలాక నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఆదివారం మళ్ళీ సంఘంలో లేచాను. "దేవుడు ఇవ్వలేదు. నేనే తొందరపడి ఆయన పేరు పెట్టినాను. బయానా పోయింది. మిగిలిన దుడ్లు ఇంగోచోట స్థలానికీ గోడలకూ చాలుతాయి" అన్నాను.

ముందు వరస చాప మీది ముసలమ్మ నోరు విప్పింది.

"శానా నిలబడినావు, కూచో నాయనా. పాటన్నా ఎత్తుకో."

కూచుని పాట ఎత్తుకున్నాను.