నాలుగు టిక్కుల్లో మూడు

బొగ్గుబాయిలో పైకప్పు కూలి మా బాపు ఆరు గంటలు చీకట్లో చిక్కుకుపోయాడు. ఆయనతో కలిసి పనిచేసే జోడీదారు ప్రాణాలతో బయటికి రాలేదు. ఆ తర్వాత బాపు మాట్లాడటం దాదాపు మానేశాడు. ఆ రోజు ఏం జరిగిందని ఎవరడిగినా ఒకటే జవాబు, "ఏం లేదు." ఆయనను మనుషుల్లో ఉంచింది ఒక పాత కంప్యూటర్ గేమ్. కోటలు కట్టి, సైన్యం కూడగట్టే ఆట. నేనే నేర్పాను. అది ఆడిన రోజున అన్నం అడిగి తినేవాడు.

పాత కంప్యూటర్ పాడైపోయింది. గొప్ప తెలివిగలదాన్ని కదా, గోదావరిఖనిలో దొరికినవాటిలో మంచిదే తెచ్చాను. నాలుగు కోర్ల ప్రాసెసర్, అంటే ఒకేసారి నాలుగు పనులు చేయగలది. మూడో రోజు బాపు ఆడుతుండగా కత్తుల చప్పుడు ఒకే ముక్క దగ్గర చిక్కుకుని గరగరమంది, స్క్రీన్ నల్లబడింది. బాపు కుర్చీ తన్నేసి మంచం కింద దూరాడు. రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. వంగి చూస్తే ఆ కళ్లు నన్ను గుర్తుపట్టలేదు.

మా క్వార్టర్లు నేలను పైనుంచి పేల్చి తవ్వే ఓపెన్‌కాస్టు గనికి దగ్గర. రోజూ మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, వెంటనే బ్లాస్టింగ్, వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. గోడ పగిలినా, పాలు విరిగినా మా కాలనీలో నేరం బ్లాస్టింగ్‌దే. నేనూ దానిమీదే వేశాను. అదురుకు లోపల ఏదో వదులవుతోందని కంప్యూటర్ కింద పాత పరుపు ముక్కలు పరిచాను. సైరన్ వినగానే ఆట ఆపించేదాన్ని. అయినా గేమ్ పడిపోయేది, ఒకసారి గంటకు, ఒకసారి పది నిమిషాలకు. నిన్నటి అదురుకు వదులైంది ఇవాళ ఊడిందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బాయిలు బందు, సైరన్ లేదు, బ్లాస్టింగ్ లేదు. ఆ రోజు కూడా స్క్రీన్ నల్లబడింది. బాపు సాయంత్రం దాకా మంచం కింది నుంచి రాలేదు. ఇక ఈ మనిషి మాకు దక్కడేమోనని గడప మీద కూర్చుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే బజారులో కంప్యూటర్లు బాగుచేసే భాయ్‌ని పిలుచుకొచ్చాను. పరుపు ముక్కలు చూసి నవ్వాడు.

"బ్లాస్టింగ్‌ది ఏం తప్పు లేదు చెల్లె. కొత్త మిషిన్‌తోనే పరేషాన్. ఈ గేమ్ ఒక్క కోర్ ఉన్న దినాలల్ల రాసిండ్రు."

గేమ్ తెరిచి, దాన్ని స్క్రీన్ అడుగుకు దించి, టాస్క్ మేనేజర్‌లో దాని పేరు మీద రైట్ క్లిక్ కొట్టాడు. సెట్ అఫినిటీ అని ఉంది. అది నొక్కితే నాలుగు కోర్లకు నాలుగు గళ్లు, నాలుగింటికీ టిక్కులు. మూడు తీసేసి ఒక్కటి ఉంచాడు.

"గేమ్ లోపట రెండు మూడు పనులు నడుస్తయి. ఒక్క కోర్ ఉంటె ఒకటాగినంక ఇంకోటి నడుస్తది. నాలుగుంటె అన్నీ ఒక్కపారే ఉరుకుతయి. ఒకటి ఇంక పెట్టనే లేదు, ఇంకోటి పెట్టిందనుకోని తీస్తది. అంతే, కూలుతది."

బాపు ఎప్పుడు వచ్చాడో, నా వెనకే నిలబడి ఉన్నాడు.

"పెట్టిందనుకోని తీస్తదా?"

"అవ్ కాకా. దేని పని అది సక్కగనే చేస్తది. ఒకదాని సంగతి ఇంకోదానికి తెల్వది."

బాపు గోడకు ఆనుకుని నెమ్మదిగా కిందికి కూర్చున్నాడు.

"తీసింది నేనే," అన్నాడు. "కొత్త కర్ర పెట్టిండనుకున్న. పైకప్పుకు ఆసరగున్న పాత కర్ర తీసిన. బావ ఇంక పెట్టలే."

ఇన్ని రోజులుగా భయపడ్డానే, అదంతా ఒకెత్తు, ఆ క్షణం ఒకెత్తు. జోడీదారును బాపు బావ అనే పిలిచేవాడు. ఆ మాట వినలేదని బుకాయించాలనిపించింది, భాయ్ నోరు మూయించాలనిపించింది. భాయ్ పాపం స్క్రీన్ మీది నుంచి చూపు తిప్పలేదు.

"గేమ్ బంద్ చేస్తే ఈ సెట్టింగ్ పోతది కాకా. మళ్ల షురూ చేసినప్పుడల్లా మూడు టిక్కులు తియ్యాలె," అని మాత్రం అన్నాడు.

ఆ పూట బాపు నాలుగు గంటలు ఆడాడు. గేమ్ ఒక్కసారి కూడా పడలేదు. తర్వాత తనే ఆపి చొక్కా తొడుక్కున్నాడు.

"బావోళ్లింటికి పోదాం పా బిడ్డా."

"వద్దు బాపూ. వాళ్లింటామె ఏమంటదో ఏమో."

"ఏమన్నా అననీ."

నస్పూర్‌లో వాళ్ల క్వార్టర్ చేరేదాకా దారిపొడవునా వెనక్కి తిరుగుదామని బతిమాలాను. చనిపోయిన జోడీదారు భార్యే తలుపు తీసింది. చేతిలో చేట అలాగే ఉంది. మమ్మల్ని చూసి, మంచినీళ్లు తెస్తానని లోపలికి తిరగబోయింది. నేను బాపు చొక్కా అంచు గట్టిగా పట్టుకున్నాను.

"అక్కా, ఆగు," అన్నాడు బాపు. "కర్ర తీసింది నేను."