ఆదిలక్ష్మి రాతలో వచ్చే మనిషి

ధర్మవరంలో పట్టుచీరల అంగళ్లకు కొదవ లేదు. ఒకే రకం చీర నాలుగు అంగళ్లలో దొరుకుతుంది, ధర కూడా ఇంచుమించు అంతే. అయినా వీరేష్ వాళ్ల అంగడి వాట్సాప్ గ్రూపులోకి మాత్రం ఆడవాళ్లు పొద్దున లేస్తూనే తొంగిచూసేవాళ్లు. చీర కోసమని పైకి చెప్పుకున్నా, నిజానికి ఫొటో కింద ఆదిలక్ష్మి రాసే రెండు మూడు మాటల కోసం.

ఆదిలక్ష్మిది పెనుకొండ. మగ్గం నేసే మొగుడు పోయి ఏండ్లయింది, పిల్లలు లేరు. పొద్దున రైలెక్కి ధర్మవరం రావడం, చీరలు విప్పి చూపించడం, మళ్లీ మడవడం, సాయంత్రం రైలుకు తిరిగి పోవడం. ఆ మధ్యలో ఎట్లనో రాత పని కూడా ఆమెకు అంటుకుంది. జీతమేం పెరగలేదు గానీ, "బాగా రాసినావక్కా" అని ఎవరో ఒకరు అంటే ఆమెకు ఆ పూట గడిచిపోయేది. ఇంటికి పోతే పలకరించేది కుక్కర్ విజిల్ ఒక్కటే మరి.

అట్లాంటిది, కుడికంట్లో శుక్లం ముదిరింది. హిందూపురంలో ఆపరేషన్ చేయించుకోమన్నారు, తర్వాత కొన్నాళ్లు ఫోన్ ముట్టుకోవద్దన్నారు. అన్నాళ్లు గ్రూపు మూగబోతే ఎట్లా అని అంగడి ఓనరు కొడుకు వీరేష్ తల గోక్కున్నాడు. చివరికి ఏఐ తోటి రాయిద్దామన్నాడు. ఆదిలక్ష్మి రాసినది ఒకటి ఇచ్చి, 'నాలాగా రాయి' అంటే చాలంట. ఆదిలక్ష్మి సరేనంది. లోపల మాత్రం గుబులు పట్టుకుంది. అది తనలాగే రాసేస్తే, కన్ను బాగై వచ్చినాక తనకోసం ఎదురుచూసేవాళ్లెవరు?

నెమలికంఠం రంగు చీర కింద రాసినదొకటి ఎంచి ఇచ్చింది. "చూడక్కా, ఈ చీర కొని పెట్టెలో పెట్టి మర్చిపోవద్దు. అప్పుడప్పుడూ తీసి మడత మార్చు, లేకుంటే జరీ మడతకాడే విరుగుతుంది. దాన్ని కూడా ఎవరో ఒకరు పలకరిస్తాండాల గదా."

ఏఐ చిటికెలో పది రాసిచ్చింది. పైన ఒక మాట కూడా చెప్పింది. ఇచ్చింది ఒక్క చిన్న ముక్క కాబట్టి మాటల యాస, వాక్యాల పొడవు అందుకోగలిగానని, అందులో ఏది ఈమె అలవాటో, ఏది ఆ ఒక్కనాటి సంగతో తేల్చి చెప్పలేనని, ఇంకొన్ని ఇస్తే మేలని. వీరేష్ అదంతా చదవకుండా కిందికి జరిపేసి చీరల మాటలు పైకి చదవడం మొదలుపెట్టాడు. ప్రతిదీ 'చూడక్కా' తోనే మొదలు. నీలం చీర పెట్టెలో ఒంటరిగా ఉండాది. పసుపుది ఎవరి పలకరింపు కోసమో కాచుకొని ఉండాది. చిలకపచ్చది కూడా అంతే.

"ఏందక్కా, మన చీరలన్నీ ఏడుస్తాండాయి," అన్నాడు వీరేష్.

ఆదిలక్ష్మి కడుపుబ్బ నవ్వింది. గుండెల మీద బరువు దిగినట్టయింది. ఆ ముక్క మొగుడి సంవత్సరీకం నాడు రాసింది. ఆ పొద్దు మనసు బాగాలేక అట్ల వచ్చింది గానీ, అది తన రాత కాదని, తనదంతా ఎకసెక్కాల రాతని వీరేష్‌కు చెప్పింది. అట్లయితే ఆ ఎకసెక్కాలవి నాలుగు ఏరుకొని రమ్మన్నాడతను.

సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చుని, బాగున్న కన్నుకు ఫోన్ దగ్గర పెట్టుకొని పాతవి వెతికింది. ఎర్రంచు చీర కింద, "ఇది కట్టుకొని పెండ్లికి ఒక్కదానివే పోవద్దక్కా, దిష్టి తగిలితే తీసేదానికైనా ఒక మనిషి ఉండాల." కాఫీరంగు దాని కింద, "మధ్యాహ్నం పక్కింటామె వస్తే ఈ చీరలో కాఫీ ఇయ్యి, చక్కెర తక్కువైనా ఏమనదు." బూడిదరంగు దాని కింద, "మోకాళ్ల నొప్పులక్కకు తేలికైన చీర. చెయ్యి పట్టుకొనేదానికి మనవరాలు ఉంటే ఇంకా తేలిక."

ఇంకొన్ని చదివింది. అన్నీ నవ్వించేవే. అన్నిట్లోనూ ఎవరో ఒకరు వస్తారు, తోడు పోతారు, చెయ్యి పట్టుకుంటారు. మనిషి ఒంటరిగా ఉన్న రాత ఒక్కటీ దొరకలేదు.

ఆదిలక్ష్మికి ముందు సిగ్గేసింది, తర్వాత ఏడుపొచ్చింది. తన ఇంటికి ఎవరూ రారు. అందుకే కాబోలు, చీర చీరకూ ఒక మనిషిని పిలుచుకొచ్చింది. ఏఐ తన ఒంటరితనాన్ని పట్టుకుంది, అదీ తెలిసి కాదు, చీకట్లో చెయ్యి తగిలినట్టు. దాన్ని ఆమె ఇన్నాళ్లూ ఎట్లా దాచుకుందో మాత్రం ఆ ఒక్క ముక్కలో దానికి కనబడలేదు.

మర్నాడు ఏరినవన్నీ ఇచ్చింది. ఈసారి ఏఐ రాసిన వాటిలో నవ్వు ఉంది, వచ్చేపోయే మనుషులూ ఉన్నారు. ఇది నేను రాయలేదని నేనే చెప్పలేనప్పా అని ఆదిలక్ష్మి ఒప్పేసుకుంది. ఒక్కటే తేడా. ఆమె రాసిన మోకాళ్ల నొప్పులక్క మడకశిర సోమక్క. ఎన్నడూ చూడకపోయినా, ఫోన్లోనే చీర తెప్పించుకున్ననాటి నుంచి గ్రూపులో పలకరిస్తున్న మనిషి. ఏఐ రాసిన అక్క ఎవరైనా కావచ్చు. వీరేష్‌కు ఆ తేడాతో పని లేదు. ఆపరేషన్ దాకా ఆగకుండా రోజుకొకటి పెట్టడం మొదలుపెట్టాడు, గ్రూపులో ఎప్పటిలాగే లవ్ గుర్తులు వచ్చాయి. ఎవరు రాసినారని ఎవరూ అడగలేదు. ఆ పూట ఆదిలక్ష్మికి అన్నం సయించలేదు.

శనివారం ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. సోమవారం రావాలని, వెంట ఒక మనిషిని తప్పకుండా తెచ్చుకోవాలని, కంటికి కట్టుతో ఒంటరిగా పంపరని. ఆదిలక్ష్మి ఎవరిని అడగాలో చాలాసేపు ఆలోచించింది. పెండ్లిళ్ల కాలంలో అంగడి వదిలి రమ్మని వీరేష్‌ను అడగడానికి నోరు రాలేదు. పక్కింటివాళ్లు కూలి మానుకుంటే వాళ్లకు పూట గడవదు. ఆఖరికి గ్రూపులో, ఆ రోజు పెట్టిన ఆవపువ్వు రంగు చీర కింద, తనే రాసింది. "సోమవారం హిందూపురంలో కంటి ఆపరేషన్. తోడు వచ్చేవాళ్లు ఎవరూ లేరు."

ఆమె రాతంటే చీర కథే అనుకోవడం అందరికీ అలవాటైపోయింది. ధరెంతక్కా అని ఒకరు అడిగారు. ఇదే చీర ఎరుపులో ఉందా అని ఇంకొకరు. సూపరక్కా అని బత్తలపల్లి నుంచి ఒకామె. ఆదిలక్ష్మి ఒక్కొక్కటే చదివి, ధర అడిగినామెకు ధర చెప్పి, ఫోన్ బోర్లా పెట్టింది. ఇంత ఒంటరితనం మొగుడు పోయిన నాడు కూడా ఆమెకు తెలియలేదు.

కాసేపటికి ఫోన్ మోగింది. ఎప్పుడూ వినని గొంతు.

"ఏమ్మే ఆదిలక్ష్మీ, నేను మడకశిర సోమక్కను. ఇది చీర కథ కాదు, నీ సంగతే గదా?"

"నా సంగతే అక్కా. ఎట్ల కనుక్కుంటివి?"

"నీ రాతలో ఎప్పుడూ ఎవరో ఒకరు వస్తారు. ఈ పొద్దు ఎవరూ రాలేదు," అంది సోమక్క.

 సోమక్కే మడకశిర నుంచి హిందూపురం ఎంత దూరమని, సోమవారం పొద్దున బస్సుకు వచ్చి బస్టాండులో కూర్చుంటానని, మోకాళ్ల సంగతి తర్వాత చూసుకుందామని చెప్పింది. నిన్ను గుర్తుపట్టేదెట్ల అక్కా అని ఆదిలక్ష్మి అడిగింది.

"మీ అంగడి నుంచి తెప్పించుకున్న బూడిదరంగు చీర కట్టుకొని వస్తా. నువ్వు చెప్పినట్టు మడత మార్చలేదు, గీతలు పడినాయి. అది చూసి తిట్టొద్దు."