"పోయి సావు" అన్నందుకు

మా సీనియర్ గారికి నోటిదురుసు. ఫైలు తాడు వదులుగా కట్టినా, వకాలత్ మీద స్టాంపు వంకరగా అంటించినా "ఎక్కడన్న పోయి సావు బిడ్డా" అనేవారు. ఎనభైల మొదట్లో వరంగల్‌లో ఆయన దగ్గర జూనియర్‌గా చేరిన నేను ఆ లెక్కన వారానికి పదిసార్లు చచ్చి, వెంటనే లేచి ఆయనకు చాయ్ చెప్పి వచ్చేదాన్ని. అదే మాట అన్నందుకు జైలుకు పోబోతున్న మనిషి కేసు సరిగ్గా ఆయన దగ్గరికే వచ్చింది.

వర్ధన్నపేట పక్క రైతు. ఆయనకూ తమ్ముడికీ కలిపి ఒకటే బావి, ఒకటే మోటరు, దినం విడిచి దినం నీళ్ల వంతు. అన్న వంతు రోజున తమ్ముడు మోటరు వేసుకున్నాడు. అన్న నలుగురి ముందర "నువ్వు పోయి సావు" అన్నాడు. మూడోనాడు తమ్ముడు ప్రాణం తీసుకున్నాడు. తమ్ముడి భార్య ఫిర్యాదు ఇచ్చింది. ఆత్మహత్యకు ప్రేరేపించాడని కేసు. రుజువైతే పదేళ్ల దాకా పడొచ్చు.

అసలు చిక్కు మా క్లయింటుతోనే వచ్చింది. నేరం ఒప్పుకుంటానని కూర్చున్నాడు. "నా మాటకే సచ్చిండు సారూ. లేదని ఎట్ల జెప్పాలె?" అన్నాడు.

మా సీనియర్‌కు ఒళ్లు మండింది. కోపంలో జారిన మాటకల్లా పదేళ్లు వేస్తే జిల్లాలో బయట ఎవడూ మిగలడని, పోలీసులు కూడా మిగలరని కేకలేశారు. ఆ తర్వాత కాస్త చల్లబడి విప్పి చెప్పారు. ప్రేరేపించడమంటే ఎదుటివాడు చావాలని మనసులో పెట్టుకుని, వాణ్ణి ఆ పనికి ఉసిగొల్పడం, లేదా కావాలని ఆ పనికి సాయపడడం, కుట్రలో కలవడం. ఒక మనిషి మనసు దేనికి విరిగిందో పక్కనున్నవాడికే తెలియదు, జడ్జికెలా తెలుస్తుంది? అందుకే తిట్టు ఒక్కటే చాలదు, నేరుగా ఆ చావు వైపు నెట్టిన పని చూపించమని కోర్టు అడుగుతుంది. ఇదంతా విని మా రైతు, "అట్లనా" అని తల గోక్కున్నాడు. జడ్జి గారు అభియోగం చదివి అడిగినప్పుడు మాత్రం మా సీనియర్ ముఖం చూసి, ఒప్పుకోనని గొణిగాడు. నా గుండె అప్పుడు కుదుటపడింది.

ఊరివాళ్లు నలుగురూ ఆ మాట విన్నామని సాక్ష్యం చెప్పారు. మా సీనియర్ కాదనలేదు. మీరెప్పుడైనా ఎవరినైనా ఆ మాట అన్నారా అని మాత్రం అడిగారు. ఒకాయన పొద్దున బస్సు కండక్టర్‌నే అన్నానని ఒప్పుకున్నాడు. జడ్జి గారు నవ్వు దాచుకోవడానికి చాలాసేపు తలవంచుకుని రాసుకున్నారు. అంత నీతి చెబుతున్న మా సీనియర్ గారు ఆ పొద్దున నన్నేమన్నారో నేను కోర్టుకు విన్నవించుకోలేదు.

చనిపోయినవాడి భార్య బోను ఎక్కినప్పుడు మాత్రం ఆయన గొంతు తగ్గింది. ఆమె ఇరవై రెండేళ్లది. భర్త ఆర్నెల్లుగా సరిగ్గా తినలేదని, పడుకోలేదని, దవాఖానకు పోదామంటే దాటవేశాడని చెప్పింది. గొడవైన నాడు సాయంత్రం మీ మడికి నీళ్లెవరు పెట్టారని మా సీనియర్ అడిగారు. ఆమె మా రైతు వైపు చూసింది. అబద్ధమాడితే ఎవరికీ తెలిసేది కాదు.

"బావనే కట్టిండు. వంతు ఆయనదే. మా మడి ఎండుతాందని కట్టిండు."

తర్వాత జడ్జి గారు మా రైతును నేరుగా అడిగారు, ఆ మాట అన్నావా అని. అన్నానన్నాడు. చావాలనే అన్నావా అని అడిగారు.

"లేదు సారూ. అలిగి అత్తగారింటికి పోతడనుకున్న. ఎప్పుడట్లనే పోతడు. రెండు దినాలకు నేనే పోయి తోల్కొస్త."

నాకు కళ్లల్లో నీళ్లు ఆగలేదు. నల్లకోటు అంచుతో తుడుచుకున్నాను.

పది రోజులకు తీర్పు వచ్చింది. మాట అన్నది నిజమే కానీ, ప్రేరేపించినట్టు రుజువు కాలేదని వదిలేశారు. నేను సంతోషంగా బయటికి పరిగెత్తాను. మా రైతు వరండా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మా సీనియర్ వచ్చి, ఇక ఇంటికి పొమ్మన్నారు.

రైతు లేవలేదు. "సారూ, నేను ఆ మాట అనకుంటే మా తమ్ముడు ఉండునా?" అని అడిగాడు.

జిల్లా కోర్టులో ఎవరికీ జవాబు బాకీ పడని మనిషి మా సీనియర్. కోర్టు అది అడగదని చెబుతారనుకున్నాను. ఆయన కోటు విప్పి నా చేతికిచ్చి, అతని పక్కన మెట్టు మీద కూర్చున్నారు.