సంతకానికి బదులు వేలిముద్ర

నాది ట్రాలీ ఆటో. ఉదయగిరి చుట్టుపక్కల పల్లెల్లో మేకలు, గొర్రెలు ఎక్కించుకుని సంతలకు చేరుస్తాను. లైసెన్సు గడువు దగ్గరపడితే రెన్యువల్ చేయిద్దామని నెట్ సెంటరుకు వెళ్లాను.

"నలభై దాటినోళ్లకు ఫారం ఒన్-ఎ ఉండాల పెద్దాయనా" అన్నాడు అక్కడి మనిషి. "రిజిస్ట్రేషన్ నంబరుండే డాక్టరు నిన్ను చూసి సంతకం పెట్టాల. మీ ఊళ్లో సూదులేసే ఆయన సంతకం చెల్లదు."

చెల్లకపోవడం గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా కళ్ల గురించి. ఏడాదిగా ఎదుటి లారీ నంబరు అలుక్కుపోయినట్టు కనిపిస్తోంది. అద్దాలు పెట్టుకోమని నా ఆడమనిషి పోరుతూనే ఉంది. కళ్లద్దాల డ్రైవరని తెలిస్తే లైసెన్సు పీకేస్తారని, వ్యాపారులు వేరే బండి చూసుకుంటారని నాకు భయం. బండి ఆగితే ఇల్లు ఆగుతుంది.

అయిదేళ్ల కింద ఇదే పరీక్షకు పోయినప్పుడు నాకు నిజంగానే అక్షరం రాదు. అప్పుడు అక్షరాల పట్టీకి బదులు, మూడు పళ్ల దువ్వెన లాంటి గుర్తులున్న పట్టీ చూపించారు. పళ్లు ఏ వైపున్నాయో చేత్తో చూపిస్తే చాలు. పైనా, కిందా, కుడీ, ఎడమా. అందాజుగా చూపినా కొన్ని సరిపోతాయి. ఆ తర్వాత మా ఆడమనిషీ నేనూ ఒకే పలక ముందు కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాం. ఇప్పుడు బస్సు బోర్డులు, పేపరు, అన్నీ కూడబలుక్కుని చదువుతాను. అయినా ఈసారి కూడా ఆ దువ్వెన పట్టీయే అడుగుదామని మనసులో అనుకున్నాను.

ఇద్దరం ఆత్మకూరు సర్కారు ఆసుపత్రికి వెళ్లాం. చిన్న వయసు డాక్టరమ్మ. ఫారంలో నా ఫొటో చూసింది, పుట్టుమచ్చలు సరిచూసింది.

"ఇక్కడ సంతకం పెట్టండి."

"చదువు రాదమ్మా" అన్నాను.

ఏమీ తెలియనివాడిలా అన్నాను కూడా. పక్కన నా ఆడమనిషి చప్పున తలెత్తింది. నర్సమ్మ ఇంకు ప్యాడు జరిపింది. ఎడమ బొటనవేలు తనంతట తానే ముందుకు పోయింది. ఫారం మీద నల్లటి మచ్చ పడింది.

తర్వాత దువ్వెన పట్టీ. ఒక కన్ను మూసి చూపించాను, రెండోది మూసి చూపించాను. పై వరస సరిపోయింది. కింద వరసల్లో చెయ్యి గాలిపటంలా ఊగింది. డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది.

"పెద్దాయనా, ఎన్నాళ్లుగా ఇలా?"

"అలవాటేనమ్మా."

"పాతిక మీటర్ల దూరాన పగటిపూట బండి నంబరు కనపడుతుందా అని ఈ ఫారం నన్ను అడుగుతోంది. కనపడదని నాకు తెలుసు. ఎలా సంతకం పెట్టను?" అని ఫారం మీద వేలు పెట్టింది. "ఇదిగో, చూపులో లోపముంటే తగిన అద్దాలతో సరిచేశారా అని కూడా ఉంది. అద్దాలతో కనపడితే చాలు. కళ్ల విభాగంలో చూపించుకుని, అద్దాలు పెట్టుకుని, కొత్త ఫారం తెచ్చుకోండి."

బయటికొచ్చాక నా ఆడమనిషి వరండాలోనే నిలేసింది.

"ఏందయ్యా, నీకు చదువు రాదా? మరి నాతో పాటు పలక మీద దిద్దినోడెవురు, నీ అన్నా?"

"మెల్లిగా మే, జనం ఇంటా ఉండారు."

"ఇంటే ఇననీ. కండ్లు కనపడవని చెప్పేదానికి సిగ్గు, రాదని చెప్పేదానికి లేదా? నాకూ రాదని చెప్పకపోయినావా, ఇద్దరం ముద్రలేసి పోయుందుము!"

వేలికంటిన ఇంకు తుడిచి తుడిచి పంచె అంచు పాడుచేసుకున్నాను.

అద్దాలు పెట్టుకుని మళ్లీ వెళ్లాను. వేరే డాక్టరుంటే బాగుండునని దారంతా అనుకున్నాను. అదే డాక్టరమ్మ. ఈసారి సంతకం చోటుకు రాగానే నర్సమ్మ అడక్కుండానే ప్యాడు మూత తీసింది.

"కలం ఇయ్యమ్మా" అన్నాను.

డాక్టరమ్మ నా ముఖంలోకి చూసింది. "పోయినసారి చదువు రాదన్నారు కదా?"

"వచ్చు. అప్పుడూ వచ్చు. కండ్ల సంగతి దాచేదానికి అట్లన్నాను."

నర్సమ్మ నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. నాలుగేళ్లుగా రాస్తున్న పేరు ఆ రోజు నిన్న నేర్చుకున్నవాడు రాసినట్టు వచ్చింది. ఈసారి డాక్టరమ్మ అక్షరాల పట్టీయే పెట్టింది. అద్దాల్లోంచి కింద వరస దాకా చదివాను. ఎర్ర రంగు, పచ్చ రంగు అడిగింది, చెవులు చూసింది, చేతులూ కాళ్లూ ఆడించమంది. తన సంతకం సగం నా ఫొటో మీద, సగం కాగితం మీద పడేలా పెట్టి, పేరూ నంబరూ ఉన్న ముద్ర కొట్టింది.

"బాగా చదివారు" అంది, కాగితం ఇస్తూ.

చిన్నపిల్లలకు చెప్పినట్టు మెత్తగానే చెప్పింది. దానికి బదులు తిట్టి ఉంటేనే తలెత్తుకుని బయటికి వచ్చేవాణ్ణి.