గాజు గ్లాసు కింద చెరగని చుక్కలు

యశోద మా వీధిలోకి వస్తుంటే నాకు ఒళ్లు మండేది. ఈ మాట ముందే ఒప్పుకుంటే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది. ఇవాళ ఆమె గురించి రాయడానికి కూర్చున్నానంటే కారణం కృతజ్ఞతే. అయినా ఆ మంటను దాచి రాస్తే అది అబద్ధం రాసినట్టే.

మిర్యాలగూడలో మా వాడకు ఆమె ఆశా కార్యకర్త. గులాబీ చీర, భుజానికి గుడ్డ సంచి, కాళ్లకు అరిగిన చెప్పులు. వానాకాలం వచ్చిందంటే ప్రతి శుక్రవారం ఇల్లిల్లూ తిరుగుతుంది. నీళ్లు నిలవున్న డబ్బా, టైరు, పూలకుండీ ఏది కనబడ్డా అడగకుండా బోర్లించేస్తుంది. రెండేళ్ల కింద మా నీళ్ల డ్రమ్ము ఒలకబోసింది. నల్లా మూడు రోజులకోసారి వచ్చే ఇంట్లో డ్రమ్ము నీళ్లంటే మాటలా? నేను నోరు చేసుకున్నాను. "దోమ పిల్లలు ఈత కొడుతున్నయన్నా, నువ్వే సూడు" అని డ్రమ్ము అడుగు చూపించింది. చూశాను, నిజమే. నిజమైతే మాత్రం కోపం ఎక్కడికి పోతుంది?

ఆమె సంచిలో మాత్రల అట్టలు, థర్మామీటరు, రిజిస్టరుతో పాటు ఒక గాజు టీ గ్లాసు కూడా ఉండేది. హోటళ్లలో ఇచ్చే చిన్న గ్లాసు. "ఎవరింట్ల చాయ్ పెడితే ఆడ తాగేటందుకు సొంత గ్లాసు ఎంటేసుకొని తిరుగుతున్నవా ఆశమ్మా?" అని వాడంతా ఆటపట్టించేది. ఆ వేళాకోళం మొదలుపెట్టింది నేనే. ఆమె నవ్వి ఊరుకునేది.

నా పేరు శ్రీహరి. రైస్ మిల్లులో రంగు గింజలు ఏరే మిషన్ నడుపుతాను. తెల్ల బియ్యంలో ఒక్క నల్ల గింజ పోయినా నా కన్ను పట్టేస్తుందని మా సూపర్‌వైజర్ అందరి ముందూ మెచ్చుకునేవాడు. నేనూ అలాగే నమ్మి తిరిగేవాణ్ని.

ఆ శుక్రవారం పొద్దున ఏడింటికి రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వచ్చాను. మా కూతురు సోనీకి అప్పుడు ఆరేళ్లు. తెల్లవారుజాము నుంచి ఒళ్లు కాలిపోతోందని నా భార్య లత చెప్పింది. జ్వరం సిరప్ పోసి నుదుటి మీద తడిగుడ్డ వేసింది. పిల్ల కాళ్లు నొప్పులని ఏడ్చి, ఒకసారి కక్కుకుని, మగతగా పడుకుంది. ఒళ్లు వేడిగా ఉన్నా చేతులు, పాదాలు చల్లగా తగిలాయి. గౌను పైకి లాగి చూస్తే పొట్ట మీద, లాగు పట్టీ కింద సన్నసన్న ఎర్ర చుక్కలు, సూదిమొనతో పెట్టినట్టు. పదో పన్నెండో ఉంటాయి.

"ఊక తగిలినట్టుంది. నిన్న నీ డ్యూటీ అంగీ మీదనే పండుకున్నది" అంది లత.

నాకూ అదే అనిపించింది. మిల్లు పని చేసే ఇళ్లలో ఏ మచ్చ వచ్చినా మొదటి పేరు ఊకదే. నా మెడ మీదా, ముంజేతుల మీదా ఏడాది పొడవునా ఎర్రటి దద్దుర్లే ఉంటాయి. గోక్కుంటాం, కొబ్బరినూనె రాస్తాం, మళ్లీ డ్యూటీకి పోతాం. సోనీ పొట్టకూ కొబ్బరినూనె రాశాను. మధ్యాహ్నం దాకా చూసి, జ్వరం దిగకపోతే సాయంత్రం డాక్టరు దగ్గరికి పోదామనుకున్నాం. ఆ పిల్ల ఒక్కసారి కూడా గోక్కోలేదన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

ఎనిమిదిన్నరకు గుమ్మంలో యశోద.

"జ్వరాలేమన్న ఉన్నయా అన్నా?"

"ఎవరికి లేవు, పో" అన్నాను.

ఎందుకన్నానంటే చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పోయినేడు లతకు జ్వరమని చెబితే మర్నాడు నలుగురు వచ్చి ఇల్లంతా పొగ పెట్టి, నెత్తురు తీసి, డ్రమ్ము మీద మూత ఏదని వీధి వినేలా క్లాసు పీకి పోయారు. రాత్రంతా నిద్ర లేదు, ఆ తలనొప్పి మళ్లీ ఎవరికి కావాలి? అందుకని గుమ్మంలో నిలబడి, కాలిపోతున్న బిడ్డను వెనక పెట్టుకుని, అబద్ధమాడాను.

ఆమె రిజిస్టరులో రాసుకోబోయి ఆగింది. కిటికీలో సిరప్ సీసా మూత తీసి ఉంది. లోపల లత తడిగుడ్డ పిండుతున్న చప్పుడు వినిపించింది.

"లతక్కా, పిల్లకేనా?" అంటూ నన్ను పక్కకు నెట్టి లోపలికి నడిచింది. పరాయి మగాణ్ని చేత్తో నెట్టింది! నా కోపం నషాళానికి అంటింది. "ఏందిది, మా ఇంట్ల..." అని నేను మొదలుపెట్టేసరికే ఆమె సోనీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. పాదాలు పట్టి చూసింది. పొట్ట చూసింది. అరచేతులు తిప్పింది, కింది రెప్పలు లాగి చూసింది.

"ఊక పొక్కులు" అన్నాను.

ఆమె సంచిలోంచి ఆ టీ గ్లాసు తీసింది. ముందు నా ముంజేయి లాగి, దద్దురు మీద గ్లాసును అదిమి పట్టింది. గాజులోంచి చూస్తుండగానే ఎరుపు మాయమై చర్మం తెల్లబడింది. తీయగానే మళ్లీ ఎర్రబడింది. తర్వాత సోనీ పొట్ట మీది నూనె తుడిచి గ్లాసు పక్కభాగాన్ని ఆనించి ఒత్తింది. చుట్టూ చర్మం పాలిపోయింది. చుక్కలు మాత్రం ఎక్కడివక్కడే. ఇంకా గట్టిగా ఒత్తింది. ఒక్కటీ చెరగలేదు. నూనె రాసినప్పుడు లేనివి, తొడ మీద కొత్తవి నాలుగు కనిపించాయి. వాటిలో ఒకటి కందిగింజంత, నేరేడు రంగులో ఉంది.

"అన్నా, నీది ఒత్తితే పోయింది. అది ఊక. ఇది చర్మం కింద సన్న నరాలు చిట్లి దిగిన నెత్తురు. ఒత్తితే యాడికి పోతది? జ్వరంల గిట్ల వచ్చిందంటే ఆగొద్దు. నెత్తురుల విషం ఎక్కిందో, డెంగీతోని కణాలు పడిపోయినయో నాకు తెల్వది, డాక్టరే చెప్పాలె. ఏదైనా గంటల లెక్కనే. లే, ఆటో పిలువు!"

"సాయంత్రం..."

"సాయంత్రం అనకు!" అని అరిచింది. ఆమె అరవడం అదే మొదటిసారి విన్నాను. నా కాళ్లు వాటంతట అవే కదిలాయి.

అంబులెన్సు కోసం ఆగకుండా పక్కింటి ఆటోలోనే ఏరియా దవాఖానకు పోయాం. దారిలోనే ఆమె దవాఖానకు ఫోన్ చేసి, "జ్వరం, ఒత్తితే పోని చుక్కలు, చేతులు కాళ్లు సల్లగున్నయి, పిల్ల మగతల ఉంది" అని నాలుగు ముక్కల్లో చెప్పింది. గేటు దగ్గరే డాక్టర్ రమ్య ఎదురొచ్చారు. చీటీ లేదు, వరుస లేదు. నెత్తురు తీశారు, సెలైన్ పెట్టారు, యాంటీబయాటిక్ నరానికి ఎక్కించారు. అదంతా ఇంటి నుంచి బయలుదేరిన అరగంటలోపే. ఆ కాసేపట్లోనే చుక్కలు పాదాలకు పాకాయి. లత నా చొక్కా పట్టుకుని ఊగిపోయింది.

"రక్తంలో బ్యాక్టీరియా చేరినట్టుంది, మెదడు పొరలకు కూడా పాకొచ్చు. పరీక్షల రిజల్ట్ వచ్చేదాకా మందు ఇవ్వకుండా ఆగలేం, అందుకే ముందే ఇచ్చాం" అన్నారు డాక్టరమ్మ. ఆక్సిజన్ పెట్టి, 108లో సూర్యాపేట పెద్దాసుపత్రికి పంపించారు. యశోద కూడా ఎక్కింది. ఎక్కమని మేం అడగలేదు, దిగమని కూడా అనలేదు.

సూర్యాపేటలో మొదటి రెండు రోజులు నేను దేవుళ్లందరినీ పేరుపేరునా తిట్టాను, మళ్లీ పేరుపేరునా కాళ్లు పట్టుకున్నాను. ఐసీయూలో కల్పన అనే నర్సమ్మ ఉండేది, కోదాడ మనిషి. మూడో రోజు పొద్దున బయటికి వచ్చి, "అన్నయ్యా, పాప కళ్లు తెరిచిందండీ. మంచినీళ్లు అడుగుతోంది" అంది. ఆ మాట తీపి నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. పిల్లతో కలిసి ఉన్నామని మా ఇద్దరికీ, యశోదకూ కూడా జబ్బు అంటకుండా మాత్రలు వేశారు. పదకొండో రోజు సోనీ తన కాళ్ల మీద నడుచుకుంటూ గేటు దాటింది. "మధ్యాహ్నం దాకా ఆగి ఉంటే మాత్రం నేను మాట ఇవ్వలేకపోయేదాన్ని" అని అక్కడి డాక్టరమ్మ చెప్పినప్పుడు నేను తల ఎత్తలేదు.

ఇంటికి వచ్చిన వారానికి యశోదను భోజనానికి పిలిచాం. "నీకు గీ గ్లాసు ముచ్చట ఎవరు చెప్పిన్రు?" అని అడిగాను.

"ట్రైనింగ్‌ల మేడం చూపించింది" అని మొదలుపెట్టి మిగతాది కూడా చెప్పింది.

ఆమె పుట్టిల్లు సూర్యాపేట దగ్గరి ఆత్మకూర్ (ఎస్). అన్న భిక్షపతికి గొర్రెల మంద. పదేళ్ల కింద అన్న కొడుకుకు జ్వరం, ఒంటి మీద ఇలాంటి చుక్కలే. గొర్రెల ఇంట్లో మచ్చలంటే గొర్రెల ఒంటిని పట్టి నెత్తురు తాగే గోమార్లు కుట్టినవే. పిల్లవాడు గొర్రెపిల్లలను పక్కలో వేసుకుని పడుకునేవాడు మరి. పసుపు పూశారు. పొద్దు గూకే దాకా చూద్దామన్నారు. పొద్దు గూకక ముందే పిల్లవాడు పోయాడు.

"గోమార్లే అని మా అన్నకు చెప్పింది నేనే. అప్పుడు నేను ఆశ గాదు, ఏం కాదు. ట్రైనింగ్‌ల మేడం గ్లాసు ఒత్తి చూపిస్తుంటే లేచి బయటికి పోయి ఏడ్చిన. ఆయాల్టి సంది గ్లాసు ఇడువలే."

నల్ల గింజను పట్టే నా కన్నుకు నా పని తప్ప ఏమీ కనిపించలేదు. వాళ్ల ఇంట్లో గోమార్లు కనిపించాయి, మా ఇంట్లో ఊక కనిపించింది. ఆమెను చాయ్ గ్లాసు మనిషి అన్నందుకు క్షమించమని అడిగాను. "అది నిజమే గదన్నా, చాయ్ గూడ తాగుతా" అంది.

ఆమె అన్న భిక్షపతి పోయిన నెల మిర్యాలగూడకు వచ్చాడు. చెల్లెలిని తీసుకుని మా ఇంటికే వచ్చాడు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని, గడప దగ్గరే కూర్చున్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. సోనీ బడికి పోవడానికి జడ వేయించుకుంటూ ఉంటే కళ్లార్పకుండా చూశాడు.

"మావోనికి గూడ ఆరేండ్లే సారూ" అన్నాడు. "నేను పొద్దుగూకే దాక ఆగిన. మీరు ఆగలే. తండ్రంటే మీరు."

ఆ మాట నేను భరించలేకపోయాను. ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"నేనూ ఆగేటోన్నే అన్నా. ఇంట్ల జ్వరమే లేదని అబద్ధం గూడ ఆడిన. మీ చెల్లె నన్ను నెట్టేసి లోపలికి పోయింది. మీకు నాకు ఫరక్ ఏం లేదు. మా ఇంటికి ఈమె వచ్చింది, అంతే."

భిక్షపతి చెల్లెలి వైపు తిరిగి, పదేళ్లుగా లోపల దాచుకున్న మాటేమో, "నీ తప్పేం లేదు బిడ్డా. మనకు తెల్వలే" అన్నాడు. యశోద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. సోనీ సగం వేసిన జడతోనే పరుగెత్తుకొచ్చి ఆమె ఒళ్లో కూర్చుంది.